మూడడుగుల ఎత్తున ఉప్పు

ఫోను తెర మీద మాస్టారి పేరు కనబడగానే తీయాలా వద్దా అని తటపటాయించాను. ఎందుకు చేస్తున్నారో నాకు తెలుసు. ఏడాదిన్నర కిందట వాళ్ళ హాలుకు రంగు వేసింది నేనే. "గోడకు వాటర్‌ప్రూఫ్ పూత కొట్టాం, ఇంక పదేళ్ళు నన్ను పిలవక్కర్లేదు మాస్టారూ" అని చెప్పి మరీ డబ్బులు తీసుకున్నాను.

"ఏమయ్యా, వీలు చూసుకుని ఓసారి వచ్చి చూసిపో" అన్నారాయన. గొంతులో కోపం లేదు. కోప్పడి ఉంటే నాకే తేలిగ్గా ఉండేది.

మాది నరసాపురం వైపు. 1994లో రంగుల పనిలోకి వచ్చాను. సముద్రం దగ్గర, గోదావరి కాలువల మధ్య, చుట్టూ చెరువులు. ఇక్కడ చెమ్మ ఎక్కని గోడను వెతుక్కోవాల్సిందే. అయినా పదిహేనేళ్ళ పాటు నేను చేసిన వైద్యం ఒక్కటే: పట్టీ బ్లేడుతో గోకడం, ఉప్పుకాగితం పట్టడం, లప్పం పెట్టడం, ప్రైమరు, రెండు కోట్లు ఎమల్షన్. మూడు నాలుగేళ్ళకు మళ్ళీ అదే పని, మళ్ళీ అదే ఇల్లు. బేరం బాగానే ఉండేది. మాస్టారి గోడ మాత్రం అంత గడువు కూడా ఇవ్వలేదు.

సోఫా జరిపి చూపించారు. అంతకుముందు మూడడుగుల ఎత్తులో ఉండేది పెచ్చుల పట్టీ. అందుకే నేను నాలుగడుగుల దాకా మందంగా పూత పూశాను. ఇప్పుడు ఆ పూత అంచు దాటి అయిదడుగుల దగ్గర పొక్కులు లేచాయి. వాళ్ళ పెళ్ళినాటి ఫోటో చుట్టూ గోడంతా బొబ్బలు. పూత ఉన్న చోట గోరు పెట్టి లాగితే రంగు, పూత, లప్పం మూడూ కలిసి అరటితొక్కలా జానెడు ముక్క ఊడి వచ్చింది. వెనక తెల్లగా, మెత్తగా, దూదిపింజలా ఉప్పు. గోడ మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది.

చెమ్మను నేను ఆపలేదు. అది బయటికొచ్చే దారి మూసేశాను. దాంతో ఇంకో రెండడుగులు పైకెక్కి దారి వెతుక్కుంది.

ఇది నాకు ఎప్పుడో తెలిసి ఉండాల్సింది. నాకు పని నేర్పిన మేస్త్రి పాత పెంకుటిళ్ళకు సున్నం వేసేవాడు. ఏటా సంక్రాంతి ముందు కొబ్బరిపీచు కుంచెతో గోడలు దులిపి, గుల్లసున్నం నానబెట్టి, కాస్త జిగురు, చిటికెడు నీలిమందు కలిపి వేసేవాళ్ళం. ఆ గోడలకూ ఉప్పు వచ్చేది. కానీ సున్నంతో పాటే పొడిగా రాలిపోయేది, దులిపేస్తే సరి. పొక్కు లేవడానికి అక్కడ పొర అంటూ ఏమీ లేదు. ఆయన గోడ మీది తెల్లపొడిని వేలితో తీసి నాలుకకు రాసుకుని చూసేవాడు. "ఉప్పగా ఉంటే కిందనుంచి, చప్పగా ఉంటే సున్నంలోంచి" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి.

మా వైపు చౌడు నేల చూసిన వాళ్ళకు గోడ సంగతి విడిగా చెప్పక్కర్లేదు. ఎండాకాలం పొలంలో నీరు ఆవిరైపోతుంటే కింద ఉన్న ఉప్పునీరు మట్టి సందుల్లోంచి పైకి ఎగబాకుతుంది. ప్రమిదలో నూనె వత్తి పట్టుకుని పైకి వచ్చినట్టే. పైకొచ్చాక నీరు గాలిలో కలిసిపోతుంది, ఉప్పు తెల్లగా నేల మీద మిగిలిపోతుంది. ఒకప్పుడు చాకళ్ళు ఆ సవుడునే గీరి తెచ్చి బట్టలు ఉతికేవాళ్ళు. ఇటుక గోడ నిలబెట్టిన పొలం లాంటిది. ఇటుకలోనూ సిమెంటులోనూ వెంట్రుక కన్నా సన్నని సందులు లక్షలు ఉంటాయి. పునాది తడిలో ఉంటే నీరు వాటి వెంట పాకుతుంది. దారిలో ఇటుకలో ఉన్న ఉప్పు, ఇసుకలో ఉన్న ఉప్పు, నేలలో ఉన్న ఉప్పు అన్నీ కరిగించుకుని మరీ పైకెక్కుతుంది.

అయితే కింద, గచ్చు దగ్గర, రంగు బాగానే ఉండి పైన మూడడుగుల దగ్గర ఎందుకు ఊడుతుంది? చాలామంది ఇక్కడే పొరబడి, "కింద బాగానే ఉంది కాబట్టి చెమ్మ కిందనుంచి కాదు" అంటారు. అడుగున గోడ ఎప్పుడూ తడిగానే ఉంటుంది కాబట్టి ఉప్పు కరిగే ఉంటుంది, గట్టిపడదు. ఎక్కే నీరూ ఆరే నీరూ సమానమయ్యే ఎత్తు ఒకటుంటుంది. అక్కడ నీరు ఆవిరైపోతుంది, ఉప్పు దిగబడుతుంది. ఏళ్ళ తరబడి ఆ ఎత్తులోనే పేరుకుంటుంది. మంచి ఎండ, గాలి తగిలే గోడకు ఆ గీత కిందికి ఉంటుంది. పైన పలకలో, గట్టి పూతో వేసి గాలి ఆడకుండా చేస్తే గీత పైకి జరుగుతుంది. హాలు గోడకు నాలుగడుగులు టైల్స్ అంటించి చెమ్మకు మందు వేశామనుకున్న ఇళ్ళు మా ఊళ్ళో బోలెడు. రెండు వానాకాలాలు పోయాక టైల్స్ పైన కొత్త పెచ్చుల పట్టీ మొదలవుతుంది.

ఉప్పు రంగుకు పైన పూస్తే అంత నష్టం లేదు, పొడి బట్టతో తుడిస్తే పోతుంది. రంగు వెనక గట్టిపడితేనే గొడవ. అందులోనూ సోడియం సల్ఫేట్ అనే ఉప్పు మహా చెడ్డది. ఇది ఇటుకల్లోనే ఉండొచ్చు, సిమెంటు నుంచీ రావచ్చు. పొడిగా ఉన్నప్పుడు కాస్తంత చోటులో ఇమిడిపోతుంది. తడి తగిలి చల్లబడితే ఒక్కో కణం పది నీటి కణాలను తనలో చేర్చుకుని గట్టిపడుతుంది, దాదాపు మూడింతల చోటు అడుగుతుంది. నానిన శనగలు డబ్బా మూతను లేపినట్టు, అది ముందు రంగును లేపుతుంది. తర్వాత లప్పాన్ని, ఆఖరికి ప్లాస్టరింగును, ఇటుక ముఖాన్ని పొడిచేస్తుంది. ఈ మార్పు 32 డిగ్రీల అటూ ఇటూ జరుగుతుంది. అందుకేనేమో, వానలు వెలిసి చలిగాలి మొదలయ్యాక మా ఫోన్లు ఎక్కువగా మోగుతాయి. మామూలు ఉప్పు అంత ఉబ్బదు గానీ దానికి ఇంకో గుణం ఉంది. అది నాకు ఆగస్టులో తెలిసింది, అక్కడికి వస్తాను.

ఈసారి డబ్బా మూత తీయకముందు గోడను చదవాలనుకున్నాను. మాస్టారు లెక్కల మాస్టారు. "కారణం రాయకుండా జవాబు రాస్తే నేను మార్కులు వెయ్యను" అన్నారు నవ్వుతూ.

ముందు తెల్లపొడి. మేస్త్రిలా నాలుకకు రాసుకోలేదు. గ్లాసులో నీళ్ళు పోసి చిటికెడు వేస్తే కరిగిపోయింది. నేలలోంచో ఇటుకలోంచో వచ్చే ఉప్పులు ఇలాగే కరుగుతాయి. సిమెంటులోని సున్నం బయటికొచ్చి గాలి తగిలి గట్టిపడిందైతే నీళ్ళలో కరగదు, దాని మీద బాత్‌రూము కడిగే యాసిడ్ ఒక చుక్క వేస్తే బుసబుసా పొంగుతుంది. అది ఎక్కువగా స్లాబు పగుళ్ళ కిందా, నీళ్ళ ట్యాంకు గోడల మీదా కనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త, లప్పం ముక్క కలిసినా పొంగుతుంది కాబట్టి పైపొడి మాత్రమే తీయాలి.

తర్వాత కాగితం. పెచ్చులు గోకి, ప్లాస్టరు బయటపడ్డ చోట అడుగు చదరం అల్యూమినియం రేకు కాగితం పెట్టి నాలుగు వైపులా గాలి పోకుండా టేపు వేశాను. రెండు రోజులయ్యాక తీసి చూస్తే గోడ వైపు నీటిచుక్కలు ఉన్నాయి, గది వైపు పొడిగా ఉంది. గది వైపు తడి ఉంటే గాలిలో తేమ చల్లటి గోడకు తగిలి నీరైందని అర్థం. గోడ వైపు ఉంటే నీరు గోడలోనే ఉంది. మెట్ల కింద గోడకూ, వంటింటి గోడకూ ఇలాగే పెట్టాను. అవి పొడి. వాటికి అవతల బాత్‌రూమూ లేదు, పైపూ లేదు. అసలు చెమ్మ ఉన్నది రెండే రెండు బయటి గోడలకు, తూర్పున పెరటి వైపు ఒకటి, పడమర రోడ్డు వైపు ఒకటి.

అప్పుడు బయటికి వెళ్ళాను. రంగులవాణ్ణి పాతికేళ్ళుగా ఇంటి లోపలే తిరిగాను గానీ, లోపలి గోడ కోసం బయట మట్టి చూడాలని తట్టలేదు.

"మాస్టారూ, ఇల్లు కట్టినప్పుడు వీధిలోంచి ఎన్ని మెట్లెక్కేవారు?"

ఆయన కాసేపు ఆలోచించి, "నాలుగు" అన్నారు.

ఇప్పుడు ఒక్క మెట్టు ఉంది, అదీ మూడంగుళాలు. ఇల్లు కట్టిన ఇరవై రెండేళ్ళలో వీధికి రెండుసార్లు సిమెంటు రోడ్డు పడింది, పాతది తవ్వకుండా దాని మీదే. వానకు రోడ్డు నీళ్ళు పెరట్లోకి వస్తున్నాయని వీళ్ళూ పెరడు మెరక చేయించారు, చెరువుమట్టితో. చుట్టుపక్కల చెరువులంటే ఉప్పునీటి రొయ్యల చెరువులని మా వాళ్ళకు వేరే చెప్పాలా.

పెరటి గోడ పక్కన గడ్డపారతో తవ్వించాను. అయిదంగుళాలు దిగాక బేస్‌మట్టం మీద కాంక్రీటు పట్టీ తగిలింది. ఇల్లు కట్టిన మేస్త్రి తప్పేమీ చేయలేదు. చెమ్మ పైకెక్కకుండా రెండంగుళాల గట్టి కాంక్రీటు పట్టీ గోడంతా తిప్పాడు. చుట్టూ మట్టి ఆ పట్టీ కన్నా అయిదంగుళాలు పైకి వచ్చేసింది, అంతే. గట్టుకు మించి నీరు పెడితే గట్టు ఉండి లాభమేముంది. పైగా బయటి ప్లాస్టరింగ్ ఆ పట్టీని కప్పేసి కిందిదాకా దిగి ఉంది. అది కూడా వత్తిలా నీళ్ళు పైకి అందిస్తోంది.

రెండు గోడలకూ జబ్బు ఒకటే గానీ మందు ఒకటి కాదు. పెరటి వైపు మట్టి మనది, తవ్వుకోవచ్చు. రోడ్డు తవ్వలేం.

పెరటి గోడ పక్కన అడుగున్నర వెడల్పున, కాంక్రీటు పట్టీకి ఆరంగుళాలు కిందిదాకా మట్టి తీసేసి, వాలు పెట్టి, 40 మి.మీ. కంకర నింపాం. నీరు చివర మురుగుకాలువలో పడేలా చేశాం. పట్టీ మీదున్న ప్లాస్టరును చెక్కేసి, ఆ రెండంగుళాల కాంక్రీటు గాలికి కనబడేలా వదిలేశాం. చెమ్మ ఎక్కకుండా ఆ గోడకు అంతకు మించి ఏమీ చేయలేదు.

రోడ్డు వైపు గోడ 22 అడుగుల పొడవు, తొమ్మిదంగుళాల మందం. దానికి గోడలోనే కొత్త అడ్డుపట్టీ కట్టాలి. ఇటుకలు తీసి పట్టీ వేయడం పాత పద్ధతి, ప్రమాదం, ఖర్చు. ఇప్పుడు సిలేన్ అనే రసాయనంతో చేసిన క్రీము దొరుకుతోంది, చూడ్డానికి మీగడలా ఉంటుంది. ఇది సందులను మూసేయదు. సందుల గోడలకు అంటుకుని వాటికి నీరు పట్టకుండా చేస్తుంది, తామరాకు మీద నీటిబొట్టులా. నీరు పాకాలంటే గోడను పట్టుకోవాలి కదా, ఆ పట్టు దొరకదు.

లోపలి వైపు నుంచి, రోడ్డు మట్టానికి ఆరంగుళాల పైన, అంటే గచ్చుకు మూడంగుళాల పైన, ఇటుక వరసల మధ్య మాలు గీత వెంట 12 మి.మీ. కన్నాలు వేశాం. నాలుగున్నర అంగుళాలకొకటి, మొత్తం అరవై దాకా వచ్చాయి. లోతు ఏడున్నర అంగుళాలు. అవతలి ముఖం బద్దలు కాకుండా అంగుళమున్నర వదిలిపెట్టాలి. డ్రిల్ బిట్టుకు ఆ కొలత దగ్గర టేపు చుట్టుకుంటే చెయ్యి తప్పదు. కన్నం ఇటుకలో కాకుండా మాలులోనే పడాలి, ఎందుకంటే గోడ అడ్డంగా అంతా తెగకుండా సాగేది మాలు వరసే. ఒక్కో కన్నంలో దుమ్ము గాలితో ఊది, గొట్టాన్ని అడుగుదాకా దూర్చి, వెనక్కి లాక్కుంటూ క్రీము నింపాలి. మా కుర్రాడు మొదటి పది కన్నాలకు ఊదడం మానేశాడు. దుమ్ము తాగేస్తే గోడకు మిగలదని వాటినే మళ్ళీ తోడించాను. ఒక్కో కన్నానికి ఇరవై మి.లీ. పైచిలుకు పడుతుంది. అరవైకి లీటరుంపావు పైచిలుకు పట్టాలి. మాకు అంతే పట్టింది. లీటరు కన్నా తక్కువ పట్టిందని ఎవరైనా చెబితే కొన్ని కన్నాలు సరిగ్గా నిండలేదన్నట్టే. ఎక్కడో ఓ కన్నం గ్లాసులు గ్లాసులు తాగేస్తుంటే లోపల పెద్ద బొరియ ఉందన్నమాట, ముందు మాలు కూరి ఆరాక మళ్ళీ వేయాలి.

అన్నిటికీ ఈ క్రీము పనికొస్తుందని కాదు. గోడకు అవతల మట్టి ఎత్తుగా ఆనుకుని ఉంటే, లేదా నీళ్ళ తొట్టి ఉంటే, నీరు పాకడం కాదు, తోసుకుని వస్తుంది. దాన్ని ఇది ఆపలేదు. పైపు కారుతుంటే ముందు పైపు.

ఇప్పుడు అసలు కష్టమైన పని: ఊరుకోవడం. అడ్డుపట్టీ పడ్డాక కిందనుంచి కొత్త నీరు రాదు గానీ, పైనున్న గోడ తాగిన నీరు ఆరాలి కదా. అంగుళం మందానికి నెల అని మా లెక్క. తొమ్మిదంగుళాల గోడకు తొమ్మిది నెలలు. హాలులో రెండు గోడలకూ పెచ్చుల గీత కన్నా అడుగున్నర పైదాకా ప్లాస్టరు మొత్తం కొట్టేసి, ఇటుకల సందులు అరంగుళం లోతు గోకి వదిలేశాం. పొడిబారిన ఇటుకలు ఓ పన్నెండు మార్చాం. స్విచ్ బోర్డు పెట్టెల చుట్టూ కరెంటు పనివాడు పూసిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కూడా తీయించాను. తడిగోడలో అది పిండయిపోతుంది.

అది ఫిబ్రవరి. అమ్మగారికి మాత్రం ప్రాణం మీదికొచ్చింది. "అమ్మాయిని చూసుకోడానికి వస్తున్నారు బాబూ, హాలు పాడుబడ్డ కొంపలా ఉంది, నెలాఖరులోగా పూసెయ్యవా" అన్నారు. మాస్టారు నా వైపు చూశారు. వెనకటి నేనైతే పూసేసేవాణ్ణే. "ఇప్పుడు పూస్తే పెళ్ళినాటికి మళ్ళీ ఊడుతుందమ్మా" అన్నాను. చివరికి ఆవిడ పాత పట్టుచీరలు రెండు తాడు మీద తెరల్లా కట్టారు, గోడకు అంటకుండా. సంబంధం వాళ్ళు ఆ చీరల నేత బాగుందని మెచ్చుకున్నారట.

ఆ తర్వాత నాలుగు నెలలూ వారానికోసారి వెళ్ళి పొడి బ్రష్షుతో ఇటుకల మీద పూసిన ఉప్పు దులిపి, కింద పరిచిన పేపరులో పట్టుకుని కాలువలో పడేసేవాణ్ణి. నీళ్ళతో కడగడం మాత్రం చేయలేదు. కడిగితే తెల్లగా ఉన్నది మాయమవుతుంది గానీ ఎక్కడికీ పోదు, కరిగి మళ్ళీ గోడలోకే దిగుతుంది. యాసిడ్‌తో కడిగేవాళ్ళూ ఉన్నారు. ఆ యాసిడ్ సిమెంటుతో కలిసి ఇంకో రకం ఉప్పు చేసి పెడుతుంది. మొదటి వారాల్లో పెద్ద గ్లాసుడు పొడి వచ్చేది. మే నెల మధ్యకు వచ్చేసరికి పిడికెడు. పెరటి గోడ ముందే ఆరింది, రోడ్డు గోడ వెనకబడింది.

తొమ్మిది నెలలు ఆగమంటే ఏ ఇంట్లోనూ ఆగరు. అందుకే మధ్యేమార్గం: గోడ ఇంకా ఊపిరి పీల్చే ప్లాస్టరు, ఊపిరి పీల్చే పూత. ఎండాకాలం మా కాలువలు కట్టేస్తారు. బోరు నీళ్ళు ఉప్పు, వాటితో మాలు కలిపితే ఇన్నాళ్ళు దులిపిన ఉప్పును మళ్ళీ తెచ్చి పూసినట్టే. కాబట్టి కాలువలకు నీళ్ళు వదిలేదాకా ఆగి, జూన్ చివర పని పెట్టాం. ఒకపాలు సిమెంటు, ఒకపాలు సున్నం, ఆరుపాళ్ళు గోదావరి ఇసుక. ఉప్పుటేరు పక్కన చవగ్గా దొరికే ఇసుక వద్దన్నాను. మాస్టారు ఇసుక గింజలు నాలుక మీద వేసుకుని చూసి "చప్పగానే ఉందయ్యా" అన్నారు. నా మేస్త్రి గుర్తొచ్చాడు. వట్టి సిమెంటు మాలు కన్నా ఇది మెత్తన, తేమను వదులుతుంది. రోడ్డు గోడకు ప్లాస్టరును కన్నాల గీతకు అంగుళం పైన ఆపేశాం. గచ్చుదాకా దించితే మళ్ళీ వత్తి తయారైనట్టే. గీత కింద ఆ మూడంగుళాల ఇటుక ఎప్పటికీ తడిగానే ఉంటుంది కాబట్టి దానికి రెండు కోట్లు పాలిమర్ సిమెంటు పూసి, పైన స్కర్టింగు పలకతో కప్పాం. బయటి ప్లాస్టరునూ అదే ఎత్తులో కోసి విడదీశాం. లప్పం లేదు, ఎమల్షన్ లేదు. మూడు పూతలు పల్చటి సున్నం. "ఇంతా చేసి సున్నమేనా" అని అమ్మగారు నిట్టూర్చారు.

ఆగస్టులో మళ్ళీ ఫోను. "వెనక మూల తడి మచ్చ పడిందయ్యా."

పరుగెత్తాను. నిజమే, అయిదు రోజులుగా ముసురు. రోడ్డు గోడ చివర, అల్మరా వెనక, అడుగున్నర వెడల్పు ముక్క నల్లగా చెమర్చింది. క్రీము పని చేయలేదనే అనుకున్నాను, కడుపులో రాయి పడ్డట్టయింది. తర్వాత గుర్తొచ్చింది, అల్మరా జరపడానికి బద్ధకించి ఆ ఒక్క మూల పాత ప్లాస్టరు కొట్టలేదు. చేతిలో పనే కదా అని సున్నం పూసేశాను. పక్కనున్న కొత్త ప్లాస్టరు పొడిగా ఉంది. కిందనుంచి నీరు ఎక్కితే అదీ తడవాలి కదా.

మామూలు ఉప్పుకు ఉన్న ఇంకో గుణం ఇదే. గాలిలో తేమ ముప్పాతిక వంతు దాటిందా, గాలిలోంచే నీరు లాక్కుని చెమరుస్తుంది. వానాకాలంలో వంటింటి ఉప్పుజాడీ చూడండి. మా వైపు ముసురు రోజుల్లో గాలి ఆ హద్దు ఎప్పుడూ దాటే ఉంటుంది. మాస్టారు అంత తేలిగ్గా నమ్మరు. రుజువు కావాలన్నారు. పాత ప్లాస్టరు ముక్క ఒకటి, కొత్త ప్లాస్టరు ముక్క ఒకటి పెనం మీద వేడిచేసి ఆరబెట్టి, వీధి చివర కంసాలి తూకంలో చెరి 100 గ్రాములు చేయించాం. రాత్రంతా వరండాలో వానకు తగలకుండా ఉట్టిలో వేలాడదీశాం. పొద్దున తూస్తే కొత్తది 101, పాతది 105. ఏ నేలకూ తగలని ముక్క, ఉట్టిలో వేలాడుతూనే అయిదు గ్రాముల నీళ్ళు తాగేసింది.

"పూర్తి మార్కులు" అన్నారు మాస్టారు. అల్మరా జరిపి ఆ మూల కూడా కొట్టించాను, నా ఖర్చుతో.

ఆ ఏడు చివర్లో మేడ మీద గది కడతామని వాళ్ళబ్బాయి ఇటుకలు దించాడు. మాస్టారే నన్ను పిలిచి, ఈ ఇటుకల్లో ఉప్పుందో లేదో ముందే తెలిసే దారి లేదా అన్నారు. ఉంది. లారీలోంచి చేతికొచ్చిన అయిదు ఇటుకలు తీసి, పళ్ళెంలో 25 మి.మీ. ఎత్తు డిస్టిల్డ్ వాటర్ పోసి నిలువుగా నిలబెట్టాలి. నీరంతా ఇటుక తాగి ఆరిపోయాక ఇంకోసారి అంతే నీళ్ళు పోసి మళ్ళీ ఆరనివ్వాలి. తర్వాత చూస్తే తెల్లపూత ఇటుక ముఖంలో పదోవంతు దాటకపోతే మంచిది, సగం దాకా అయితే సర్దుకోవచ్చు, సగం దాటినా, పొడి రాలినా లారీ వెనక్కి. మన ఇటుకల ప్రమాణాల్లో ఉన్న పరీక్ష ఇదే. ఆ అయిదింట్లో రెండు సగం దాకా పూశాయి. తిప్పి పంపాల్సినంత కాదు గానీ, కట్టాక ఒక ఎండాకాలం రంగు వేయొద్దని అబ్బాయికి చెప్పాను. కొత్త గోడల మీద వచ్చే ఈ పూత చాలామటుకు కట్టుబడి నీళ్ళతో వచ్చేదే, ఆ నీరు ఆరిపోయి రెండు మూడుసార్లు దులిపితే ఆగిపోతుంది. గృహప్రవేశం ముహూర్తానికని పచ్చి గోడ మీదే లప్పం, రంగు కొట్టించేస్తారు. అక్కడే ఊడటం మొదలవుతుంది.

హాలుకు మరుసటి సంక్రాంతికి రంగు వేశాను, తేమను వదిలే సిలికేట్ రకం పూత, లేత పసుపు. అమ్మగారు కోరుకున్న నునుపు రాలేదు, వేలు పెడితే కాస్త గరుగ్గా తగులుతుంది. ఇప్పటికి నాలుగేళ్ళయింది. స్విచ్ బోర్డు పక్కన మాత్రం చలికాలంలో చిటికెడు తెల్లపొడి కనిపిస్తుంది, మాస్టారే కుంచెతో దులుపుకుంటారు.

వెళ్ళిపోయే రోజున పెరటి గోడ మీద, కాంక్రీటు పట్టీకి కాస్త కింద, ఈ చివర నుంచి ఆ చివరకు ఎర్రరంగుతో ఒక గీత గీసి, మట్టి దీన్ని దాటకూడదని చెప్పి వచ్చాను. మొన్న అటుగా వెళ్తూ లోపలికి తొంగి చూస్తే గీత కనబడలేదు. కంకర మీద జానెడు ఎర్రమట్టి పోసి, వరసగా బంతి నారు నాటారు అమ్మగారు. చెంబుతో నీళ్ళు పోస్తూ నన్ను చూసి, "కొంచెమే పోస్తాన్లే బాబూ" అన్నారు. నేను చెప్పులు విప్పి పార అడిగాను.